తోక వెంట తిరిగే కుక్క: విసుగా, జబ్బా?

(బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోని ఒక అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో, కుక్కలు పెంచుకునే తెలుగు కుటుంబాల ఆదివారం సమావేశంలో ఒక పశువైద్యురాలు చేసిన ప్రసంగం. కుక్కల పేర్లు మార్చాం.)

అందరికీ నమస్కారమండీ. మైకు వెనక్కి వినిపిస్తోందా? సరే. కుక్కల్ని లోపలికి తేవద్దని అసోసియేషన్ వాళ్లు గట్టిగా చెప్పారట కదా, అందుకని ఈ రోజు మనుషులతోనే సరిపెట్టుకుందాం. (నవ్వులు)

నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఒకే మాటతో మొదలుపెడతారు. "డాక్టర్ గారూ, తోక పట్టుకోవాలని గిరగిరా తిరుగుతోంది, బోర్ కొడుతోందేమో." లేదంటే, "కాలు అదే పనిగా నాకుతోంది, ఒంటరిగా ఫీలవుతోందేమో." కొంతమంది ఇంకో అడుగు ముందుకేసి ఇంటర్నెట్‌లో చదివి వస్తారు. "దీనికి ఓసీడీ వచ్చిందండీ" అంటారు, అంటే ఒకే పనిని ఆపుకోలేక పదే పదే చేసే మానసిక జబ్బు. విసుగా, ఓసీడీనా అని రెండే గడులు పెట్టుకుని, కుక్కని అందులో ఏదో ఒకదాంట్లో పడేయమంటారు. కుక్కల్లో అలాంటి జబ్బు, కంపల్సివ్ డిజార్డర్ అంటాం, నిజంగానే ఉంది. విసుగుతో తిరగడమూ నిజమే. వీటికి ముందు మూడో గడి ఒకటుంది, దాన్ని ఎవరూ చూడరు. అది ఒంట్లో నొప్పో, దురదో, మరో జబ్బో. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు రెండు కుక్కల సంగతి చెబుతాను. రెండూ ఒకే అపార్ట్‌మెంట్, ఒకే టవర్. ఆ ఇంటివాళ్లు ఒకరికొకరు స్నేహితులు కూడా. ఇద్దరూ కూడబలుక్కుని ఒకే రోజు వచ్చారు. "మా రెంటికీ ఒకే జబ్బు, ఒకే మందు రాసివ్వండి" అన్నారు.

మొదటిది చింటూ, రెండేళ్ల బీగిల్. ఇంట్లో ఆయనకి వారంలో మూడు రోజులు వర్క్ ఫ్రమ్ హోమ్. ఆయన హెడ్‌ఫోన్ పెట్టుకుని మీటింగ్‌లో కూర్చోగానే, వీడు ఎదురుగా వచ్చి తోక వెంట గిరగిరా తిరుగుతాడు. మీటింగ్‌లో ఉన్నవాళ్లు కెమెరాలో చూసి నవ్వుతారు, ఈయనా నవ్వుతాడు. పాప పరుగెత్తుకొచ్చి వీడియో తీస్తుంది. వాళ్లు నాకు చూపించిన వీడియోలన్నీ అలా తీసినవే. నేను అడిగింది ఒక్కటే. "ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఏం చేస్తాడు?" ఎవరికీ తెలీదు.

ఇది మీరందరూ చేయగలిగిన పని కాబట్టి వివరంగా చెబుతాను. పాత ఫోన్ ఒకటి అందరి ఇళ్లలోనూ పడి ఉంటుంది. దాన్ని షెల్ఫ్ మీద, కుక్కకి అందని ఎత్తులో, హాలు మొత్తం కనిపించేలా పెట్టి రికార్డింగ్ ఆన్ చేసి, మీరు రోజూ బయటికి వెళ్లేటట్టే వెళ్లండి. చెప్పులు వేసుకోవడం, తాళం చేతులు తీయడం, లిఫ్ట్ చప్పుడు, అన్నీ మామూలుగానే జరగాలి. గంట, గంటన్నర చాలు. చింటూ వీడియోలో ఏముందంటే, తలుపు దగ్గర పది నిమిషాలు కూర్చున్నాడు, కాస్త కుయ్‌మన్నాడు, సోఫా మీదెక్కి పడుకున్నాడు. ఒక్కసారి కూడా తిరగలేదు. చూసేవాళ్లు లేకపోతే తిరగడమూ లేదు. అంటే వాడికి దాని మీద పట్టు ఉంది. ఎప్పుడు తిరగాలో, ఎవరి ముందు తిరగాలో వాడికి తెలుసు.

ఇంకోటి, చింటూ తిరుగుతున్నప్పుడు ఫ్రిజ్ తలుపు తెరిస్తే చాలు, ఆగిపోయి వంటింట్లోకి వస్తాడు. వచ్చినవాడు మళ్లీ తిరగడానికి వెనక్కి పోడు. తినేసి పక్కనే పడుకుంటాడు. విసుగుతోనో, మన దృష్టి కోసమో చేసే పని ఇలా ఉంటుంది. దానికంటే మంచిది దొరికితే వదిలేస్తుంది.

చింటూకి మందులేం ఇవ్వలేదండీ. పొద్దున గిన్నెలో పోసే డ్రై ఫుడ్‌లో సగం తీసి పాత టవల్‌లో మడతపెట్టి చుట్టి ఇమ్మన్నాను, ముక్కుతో వెతుక్కుని తినడానికి. బీగిల్ అంటే ముక్కే కదా. వాకింగ్‌కి తీసుకెళ్లినప్పుడు గబగబా కిలోమీటర్లు లాగించకుండా, దారిలో వాసన చూసుకోనివ్వమన్నాను. మీటింగ్‌కి ఐదు నిమిషాల ముందే నమలడానికి ఏదైనా ఇచ్చేయాలి, తిరగడం మొదలయ్యాక కాదు. మొదలయ్యాక ఇస్తే, తిరిగినందుకు జీతం ఇచ్చినట్టవుతుంది. తిరిగినప్పుడు నవ్వడం, పిలవడం, తిట్టడం, ఫోన్ తీయడం అన్నీ బంద్. మొదటి రెండు మూడు రోజులు ఎక్కువ చేస్తాడని ముందే చెప్పాను. అలాగే చేశాడు. ఆ తర్వాత తగ్గింది, రెండు వారాలు తిరక్కుండానే పోయింది. విసుగు సంగతైతే ఇంత మార్పు చేశాక రెండు మూడు వారాల్లో స్పష్టంగా తేడా కనిపించాలి. కనిపించకపోతే మన లెక్క తప్పని అర్థం.

రెండోది బ్రూనో. జర్మన్ షెపర్డ్, మగ, పదమూడు నెలలు. ఈ జాతి పేరు వినగానే నేను కాస్త జాగ్రత్త పడతాను. తోక వెంట తిరిగే జబ్బు జర్మన్ షెపర్డ్‌లలో, బుల్ టెరియర్లలో ఎక్కువ. డాబర్‌మన్ అయితే తన పక్క డొక్క దగ్గర చర్మాన్ని నోట్లో పెట్టుకుని చీకుతుంది. లాబ్రడార్, గోల్డెన్, గ్రేట్ డేన్ లాంటివి ముందు కాలు నాకడంలో ముందుంటాయి. జాతిని బట్టి జబ్బు రూపం మారుతోందంటే జన్యువుల పాత్ర ఉందనే కదా. 2010లో అమెరికాలో టఫ్ట్స్ యూనివర్సిటీ వాళ్లు డాబర్‌మన్‌లలో ఈ చీకే అలవాటుకి ఏడో క్రోమోజోమ్ మీద ఒక చోటుతో సంబంధం ఉందని చూపించారు. 2012లో ఫిన్లాండ్ వాళ్లు తోక వెంట తిరిగే కుక్కల్లో ఆ చోట ఉన్న జన్యువుతోనే సంబంధం ఉందేమోనని వెతికితే దొరకలేదు. కాబట్టి ఎవరైనా "జీన్ టెస్ట్ చేసి చెప్పేస్తాం" అంటే డబ్బు కట్టకండి.

ఆ ఫిన్లాండ్ అధ్యయనంలో నాకు పనికొచ్చిన సంగతులు వేరే ఉన్నాయి. తిరగడం చాలా కుక్కల్లో మూడు నుంచి ఆరు నెలల వయసులోనే మొదలైంది. తల్లి దగ్గర్నుంచి తొందరగా విడదీసిన పిల్లల్లో ఎక్కువగా కనిపించింది. బ్రూనోని వీళ్లు ఊరి బయట ఒక బ్రీడర్ దగ్గర ముప్పై ఐదు రోజుల పిల్లగా కొన్నారు. "చిన్నప్పుడే తెచ్చుకుంటే బాగా అలవాటవుతుంది" అని ఆయనే చెప్పాడట. మన దేశంలో 2017 నుంచి ఉన్న కుక్కల బ్రీడింగ్ నియమాల ప్రకారం ఎనిమిది వారాల్లోపు పిల్లని అమ్మకూడదు. అమ్ముతూనే ఉన్నారు, మనం కొంటూనే ఉన్నాం.

బ్రూనో కథ ఎలా నడిచిందో చూడండి. అసలు విషయమంతా ఇందులోనే ఉంది. ఐదో నెలలో మొదలైంది. వాళ్లది రెండో అంతస్తు, బాల్కనీకి గాజు రెయిలింగ్. కింద రోడ్డు మీద వీధికుక్కలు తిరుగుతుంటాయి. వీడు చూస్తాడు, మొరుగుతాడు, కిందికి దూకలేడు. అటు పోలేక, ఇటు ఊరుకోలేక తన తోక వెంట రెండు చుట్లు తిరిగేవాడు. అప్పటికి అది జబ్బు కాదు. వాడి చిరాకుకి ఒక దారి దొరికింది, అంతే.

ఎనిమిదో నెల వచ్చేసరికి బాల్కనీ అక్కర్లేకపోయింది. డోర్‌బెల్ మోగినా తిరుగుతాడు, కుక్కర్ విజిల్ వేసినా తిరుగుతాడు. ఇంట్లో టీవీ రిమోట్ కోసం పిల్లలు గట్టిగా అరుచుకున్నా తిరుగుతాడు. ఏ రకం కదలికైనా, చప్పుడైనా వాడిని అదే గాడిలోకి తోస్తోంది. పదకొండో నెలకి ఏ కారణమూ అక్కర్లేకపోయింది. నిద్ర లేచి, ఒళ్లు విరుచుకుని, నీళ్లు కూడా తాగకుండా మొదలుపెట్టేవాడు. పుట్టిన కారణాన్ని వదిలేసి ఆ పని సొంతంగా బతకడం నేర్చుకుంది. నా మటుకు నేను కంపల్సివ్ డిజార్డర్ అనే ముందు ముఖ్యంగా వెతికేది దీన్నే. ఎంత వేగంగా తిరుగుతోంది, ఎన్ని చుట్లు తిరుగుతోంది అన్నది నాకు అంత ముఖ్యం కాదు. మొదట్లో ఎప్పుడు చేసేది, ఇప్పుడు ఎప్పుడెప్పుడు చేస్తోంది అన్నది ముఖ్యం.

ఆ ఇంటాయన పాపం బోర్ అనుకుని పొద్దున గంట, సాయంత్రం గంట నడిపించేవాడు. కుక్క నాలుక బయటపెట్టి రొప్పుతూ ఇంటికొచ్చి, అలాగే రొప్పుతూ తిరిగేది. వాళ్ల అత్తగారు తోకకి వేపనూనె రాసింది. ఎవరో చెప్పారని కారం కూడా పూశారు. కారం మంటకి ఇంకాస్త ఎక్కువ తిరిగాడు. దయచేసి ఎవరూ చేయకండి.

ఇక ఎవరూ లేనప్పటి వీడియో. గంటా పది నిమిషాల రికార్డింగ్‌లో ఇరవై ఆరు నిమిషాలు తిరిగాడు. చూసేవాళ్లు లేరు, నవ్వేవాళ్లు లేరు. మధ్యలో రెండుసార్లు గోడకి తగిలాడు. ఆ గోడ ఫోటో కూడా చూపించారు. మోకాలి ఎత్తున చిన్న చిన్న గోధుమరంగు చుక్కలు వరసగా ఉన్నాయి. తోక చివర కొరుక్కుని పుండు చేసుకున్నాడు కదా, తిరిగినప్పుడు ఆ రక్తం చిందిన మరకలవి. బరువు రెండు నెలల్లో ముప్పై ఒక కిలోల నుంచి ఇరవై ఏడుకి దిగింది. గిన్నెలో అన్నం పెడితే రెండు ముద్దలు తిని వదిలేసి పోతున్నాడు.

క్లినిక్‌లో, వాడు తిరుగుతున్నప్పుడే ఉడికించిన చికెన్ ముక్క ముక్కు దగ్గర పెట్టాను. ఆగాడు, తిన్నాడు, నమలడం పూర్తి కాకుండానే మళ్లీ తిరగడం మొదలుపెట్టాడు. రెండోసారి పెడితే తల కూడా తిప్పలేదు. చింటూకి, బ్రూనోకి తేడా అక్కడే ఉంది. ఇద్దరూ ఆగారు. ఆగాక ఏం చేశారన్నదే చూడాలి. ఆ ఇంటాయన కాలర్ పట్టి ఆపబోతే బ్రూనో గుర్రుమన్నాడు. ఇలాంటి కుక్కని మధ్యలో చేత్తో పట్టి ఆపకండి. మీ మీద కోపం లేకపోయినా కొరికే ప్రమాదం ఉంది. పిల్లలకి మరీ చెప్పాలి.

అయినా ఆ రోజే జబ్బు పేరు రాసేయలేదు. ఇందాక మూడో గడి అన్నానే, దాన్ని ఖాళీ అని తేల్చుకోకుండా మొదటి రెండింటి జోలికి పోకూడదు. ఏ కుక్కకైనా మలద్వారం పక్కన రెండు చిన్న సంచులుంటాయి, యానల్ గ్లాండ్స్ అంటాం. అవి నిండిపోతే తోక కింద సలుపు. తోక మొదట్లో దురదకి ఫ్లీస్ అనే చిన్న పురుగులు, అలర్జీ కారణం కావచ్చు. బెంగళూరులో పిడుదుల సంగతి చెప్పక్కర్లేదు. తోక ఎప్పుడో తలుపులో ఇరుక్కుని లోపల ఎముక విరిగి ఉండొచ్చు. నడుము చివర వెన్నెముకలో నొప్పి ఉన్నా తోక వైపు తిరుగుతుంది. తోక కత్తిరించిన జాతుల్లో ఆ మచ్చ దగ్గర నరం గడ్డ కట్టి సలుపుతుంది. మెదడుకి సంబంధించిన జబ్బులూ ఉన్నాయి. ఎప్పుడూ ఒకే వైపు తిరుగుతూ, తల వంచి నడుస్తూ, తూలుతూ ఉంటే నేను తోకని కాదు, తలనీ చెవినీ చూస్తాను. ఒక రకం ఫిట్స్‌లో కూడా తిరుగుతాయి. పిలిస్తే బొత్తిగా స్పృహ లేనట్టు ఉండి, అయ్యాక కాసేపు అయోమయంగా చూస్తుంటే అది ఫిట్స్ కావచ్చు. బ్రూనో తిరుగుతూ కూడా చికెన్ వాసన గుర్తుపట్టాడు, ఆగిన వెంటనే మనిషిని గుర్తుపట్టాడు. రెండు వైపులా తిరుగుతున్నాడు. నడక బాగుంది. రక్తపరీక్ష, పిడుదుల జ్వరం పరీక్ష, మలపరీక్ష, నడుముకీ తోకకీ ఎక్స్‌రే అన్నీ చేయించాం. దొరికింది ఒక్కటే, తోక చివర పుండులో ఇన్‌ఫెక్షన్. అది తిరగడం వల్ల వచ్చిందే, కానీ ఇప్పుడు అదే ఇంకా తిరిగేలా చేస్తోంది. ముందు దాన్ని మాన్పించాలి. యాంటీబయాటిక్, నొప్పి మందు, తోకకి పలచటి కట్టు, మెడకి ప్లాస్టిక్ కోన్.

కోన్ గురించి చాలామంది అడుగుతారు, "అది వేస్తే సరిపోదా?" అని. పుండు మానేదాకా కాపలాకి అవసరం. కానీ అది తిరగాలనే తహతహని తగ్గించదు. కోన్‌తోనే తిరుగుతూ గోడలకి గుద్దుకునే కుక్కల్ని చూశాను. తీసేసిన గంటలో మళ్లీ మొదలుపెడతాయి.

అసలు వైద్యం రెండు వైపుల నుంచి సాగింది. ఇంట్లో మొదట బాల్కనీ తలుపు మూసేశారు. గాజు రెయిలింగ్‌కి లోపలివైపు, కింద రోడ్డు కనిపించకుండా, పాలరంగు స్టిక్కర్ అంటించారు. తిండి, నడక, ఆట, పడక రోజూ ఒకే వేళకి. ఏ నిమిషంలో ఏం జరుగుతుందో తెలియకపోవడం ఇలాంటి కుక్కకి పెద్ద టెన్షన్. హాలు మూలలో ఒక చాప వేసి, దాని మీదకి వెళ్లి పడుకుంటే చిన్న ముక్క ఇవ్వడం నేర్పారు, అదీ వాడు ప్రశాంతంగా ఉన్నప్పుడు. తర్వాత కుక్కర్ విజిల్‌ని ఫోన్‌లో రికార్డు చేసి, వినీ వినపడనంత సన్నగా పెట్టి, చాప మీద ఉంటే ముక్క. రోజులు గడిచే కొద్దీ కొంచెం కొంచెం పెంచుతూ వెళ్లారు. చెవులు నిక్కబొడుచుకుని తోక వైపు చూశాడంటే ఆ రోజుకి ఎక్కువ పెట్టేసినట్టు, వెనక్కి తగ్గాలి. తిట్టడం, కొట్టడం, నీళ్లు చల్లడం వద్దన్నాను. ఈ జబ్బుకి మూలంలోనే ఆందోళన ఉంది. దండిస్తే అది పెరుగుతుంది తప్ప తగ్గదు. లేదా మీ ముందు మానేసి మంచం కింద చేస్తుంది.

రెండో వైపు మందు. ఫ్లూవోక్సెటిన్ మొదలుపెట్టాను. మనుషుల డిప్రెషన్ మందే కదా అని ఆ ఇల్లాలు కంగారు పడింది. నిజమే, అదే మందు. అమెరికాలో 1992లోనే జుడిత్ రాపోపోర్ట్ అనే సైకియాట్రిస్ట్ బృందం, కాళ్లు నాకి పుండు చేసుకునే కుక్కల మీద క్లోమిప్రమిన్, ఫ్లూవోక్సెటిన్ లాంటి మందులు పనిచేస్తాయని చూపించింది. మనుషుల్లో ఓసీడీని అర్థం చేసుకోవడానికి ఆవిడ కుక్కల్ని చూశారు. మేం ఆవిడ దగ్గర్నుంచి మందు తీసుకున్నాం.

ఈ మందు విషయంలో వచ్చే గొడవ ఏంటంటే, ఇవాళ వేస్తే రేపు పనిచేయదు. నాలుగు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. మొదటి వారంలో కనిపించేవి దుష్ఫలితాలే. కొంచెం మత్తు, ఆకలి తగ్గడం. బ్రూనోకి అసలే బరువు తగ్గింది, అన్నంలో చికెన్ నీళ్లు కలిపి పెట్టమన్నాను. మూడో వారంలో ఆ ఇంటాయన ఫోన్ చేసి, "ఏం తేడా లేదండీ, ఆపేస్తాం" అన్నాడు. డైరీ చదవమన్నాను. మొదటి రోజు నుంచి వాళ్లావిడ ఒక నోట్‌బుక్‌లో రాస్తోంది. రోజుకి ఎన్నిసార్లు అని కాదు, మొత్తం ఎన్ని నిమిషాలు, ప్రతిసారీ అంతకుముందు ఏం జరిగింది, దేనికి ఆగాడు. మొదట్లో రోజుకి యాభై, అరవై నిమిషాలు. మూడో వారంలోనూ దాదాపు అంతే, ఆయన అన్నది నిజమే. కానీ 'దేనికి ఆగాడు' అన్న వరసలో కొత్త మాట కనిపించింది. "పేరు పెట్టి పిలిస్తే ఆగి వచ్చాడు." అంతకుముందు ఆ వరసంతా "ఆగలేదు, అలిసిపోయి పడుకున్నాడు" అనే. ఆపగలగడం ముందు వస్తుంది, నిమిషాలు తగ్గడం తర్వాత. ఎనిమిదో వారానికి రోజుకి పదిహేను నిమిషాల్లోపుకి వచ్చింది. నాలుగో నెలలో డోర్‌బెల్‌కి మాత్రం రెండు మూడు చుట్లు, పిలవగానే చాప మీదికి. బరువు ముప్పైకి చేరింది.

పూర్తిగా పోయిందా అంటే, పోలేదు. దీపావళి టపాసులకి ఐదు రోజులు బాగా తిరిగాడు. మళ్లీ సర్దుకున్నాడు. చాలా కుక్కల్లో ఈ జబ్బు అదుపులో ఉంటుంది గానీ తుడిచిపెట్టుకుపోదు. తగ్గింది కదా అని మందు టక్కున ఆపకండి. కొన్ని నెలలు నిలకడగా ఉన్నాక, డాక్టర్ చెప్పినట్టు వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించాలి.

ఈ మందుతో మన ఊళ్లలో ఒక ప్రమాదం ఉంది. పిడుదులకి నీళ్లలో కలిపి ఒళ్లు తుడిచే మందు సీసా చాలా ఇళ్లలో ఉంటుంది. వాటిలో కొన్నింట్లో ఉండేది అమిట్రాజ్. ఫ్లూవోక్సెటిన్, క్లోమిప్రమిన్ వాడే కుక్కకి అమిట్రాజ్ తగలకూడదు. రెండూ కలిస్తే ప్రాణం మీదకి వస్తుంది. బ్రూనో వాళ్లింట్లో బాత్రూమ్ షెల్ఫ్‌లో అదే సీసా ఉంది. మందు రాసే ముందు ఇంట్లో ఉన్న సీసాలన్నీ ఫోటో తీసి పంపమంటాను, అందుకని బయటపడింది. ట్రమడాల్ అనే నొప్పి మందుతో కూడా చిక్కే. తోక పుండుకి అది రాయకపోవడానికి కారణం అదే. ఫిట్స్ ఉన్న కుక్క అయితే ఈ మందులే ఇంకా ఆలోచించి ఇవ్వాలి.

ఇప్పుడు నాకడం గురించి. ఇక్కడ మూడో గడి ఇంకా పెద్దది.

లడ్డూ అని ఆరేళ్ల లాబ్రడార్. ఆ ఇంటి అమ్మాయి చదువుకి విదేశం వెళ్లింది. ఆ నెల నుంచే ఎడమ ముందు కాలి మణికట్టు నాకడం మొదలైందని వాళ్లు గట్టిగా నమ్మారు. "బెంగ పెట్టుకుందండీ." ఆ అమ్మాయి రోజూ వీడియో కాల్‌లో లడ్డూతో మాట్లాడేది. నాకిన చోట వెంట్రుకలు ఊడి, రూపాయి బిళ్లంత, గట్టిగా, ఎర్రగా, మధ్యలో పచ్చిగా ఉంది. చేత్తో పట్టుకుంటే చర్మం మందం అయి రబ్బరులా తగులుతుంది. లిక్ గ్రాన్యులోమా అంటాం. పైకి చిన్న పుండులా ఉన్నా లోపల లోతుగా ఇన్‌ఫెక్షన్ ఉంటుంది. మెడికల్ షాపులో కొన్న ఆయింట్‌మెంట్ పైన రాస్తే అదీ నాకేస్తుంది.

నేను అడిగాను, "ఎప్పుడు నాకుతుంది?" "రాత్రి తొమ్మిదికి, అందరం టీవీ చూస్తున్నప్పుడు, పక్కనే కూర్చుని." బెంగైతే అందరూ ఉన్నప్పుడే ఎందుకు? ఒక్క కాలే ఎందుకు? ఆ కాలి మోచేయి మెల్లగా మడిచి చూస్తే, పైకి అరవలేదు గానీ నాలుక బయటపెట్టి పెదాలు తడుపుకుంది, తల పక్కకి తిప్పుకుంది. కుక్కలు నొప్పిని ఎక్కువసార్లు అలాగే చెబుతాయి. ఎక్స్‌రేలో మోచేతి కీలు అరిగి ఉంది. పగలంతా తిరిగి, రాత్రి పడుకునేసరికి సలుపు పెరుగుతుంది. కీలు దగ్గరికి నోరు అందదు, అందుతున్న మణికట్టు నాకుతోంది. పుండు లోపలి నుంచి శాంపిల్ తీసి కల్చర్‌కి పంపి, దానికి తగ్గ యాంటీబయాటిక్ ఆరు వారాలు ఇచ్చాం. కీలు నొప్పికి మందు, నాలుగు కిలోల బరువు తగ్గింపు, పాలిష్ టైల్స్ మీద కాళ్లు జారకుండా రబ్బరు మ్యాట్లు. నాకడం ఆగింది. అమ్మాయి ఇంకా విదేశంలోనే ఉంది.

ఇంకో రకం ఉంది. తనని కాదు, నేలనీ, సోఫానీ, గోడనీ నాకడం. ఇది చూడగానే ఓసీడీ అనేస్తారు. కెనడాలో మాంట్రియల్ యూనివర్సిటీ వాళ్లు ఇలా నాకే 19 కుక్కల కడుపూ పేగులూ పరీక్షిస్తే 14 కుక్కల్లో ఏదో ఒక జీర్ణ సమస్య బయటపడింది. దానికి వైద్యం చేశాక చాలా వాటిలో నాకడం తగ్గింది. 2012లో వచ్చిన పరిశోధన ఇది, చిన్నదే. అయినా ఆ తర్వాత నేను నేల నాకే కుక్క వస్తే వికారం, గ్యాస్, గడ్డి తినడం, పసుపు రంగు వాంతులు, ఇవి అడక్కుండా మనసు గురించి మాట్లాడను.

టైమ్ అవుతోంది, ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: మేడమ్, మా పాప మూడు నెలల కుక్కపిల్లండీ, ఇండీ, అంటే మన దేశీ కుక్కే. తోక పట్టుకోవాలని తిరుగుతుంది. భయపడాలా?

అక్కర్లేదమ్మా. ఆ వయసులో తోక వాళ్లకి బొమ్మ. నాలుగు చుట్లు తిరిగి, బోర్లా పడి, ఇంకేదో చూసి పరుగెత్తుతుందా? పిలిస్తే వస్తుందా? అయితే ఆటే. వీడియో తీసి గ్రూపులో పెట్టడం మాత్రం తగ్గించండి. (నవ్వులు) అందరూ నవ్వుతుంటే పదే పదే చేయడం నేర్చుకుంటుంది. ఒకవేళ ఏడాది నిండేసరికి ఎక్కువవుతుంటే, వేళ కాని వేళ చేస్తుంటే తీసుకురండి.

ప్రశ్న: లేజర్ లైట్‌తో ఆడిస్తే బాగా అలిసిపోతుంది కదా, అది మంచిదేనా?

వద్దండీ. ఆ చుక్కని అది ఎప్పటికీ పట్టుకోలేదు. వెంటాడటమే ఉంది, దొరకడం లేదు. కొన్ని కుక్కలు ఆ తర్వాత నీడల వెంట, గోడ మీద పడే వెలుతురు వెంట పడటం మొదలుపెడతాయి. ఫోన్ స్క్రీన్ మెరుపుకి కూడా లేస్తాయి. అది కూడా ఈ జబ్బు రూపాల్లో ఒకటే. బంతి విసరండి, కనీసం నోట్లోకి వస్తుంది.

ప్రశ్న: విసుగుతో మొదలైంది జబ్బుగా మారుతుందా?

మారొచ్చు. బ్రూనోది చిరాకుతోనే మొదలైంది కదా. అన్నిటికీ మారదు, జాతి, పెంపకం, ఎంతకాలం సాగింది అన్నవి కలవాలి. పైగా ఈ రెండింటి మధ్య గీత గీసినట్టు ఉండదు. మధ్యలో ఉన్న కుక్కలు బోలెడు. పిలిస్తే ఆగుతుంది గానీ పది నిమిషాలకి మళ్లీ వెళ్తుంది, అలాంటివి. వాటికి నేను ఇంటి మార్పులు చేసి, డైరీ రాయించి, మూడు వారాలు చూస్తాను. పుండు పడ్డా, తిండి మానేసినా, నిద్ర చెడినా మాత్రం మూడు వారాలు ఆగను.

ప్రశ్న: ఈ టెస్టులన్నీ ఎక్కడ చేయించాలి? బయట ఖర్చు చాలా అవుతోంది.

హెబ్బాళ్‌లో వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది, అక్కడ చూపించొచ్చు. రద్దీ ఉంటుంది, పొద్దున్నే వెళ్లండి. ఎక్కడికి వెళ్లినా వీడియోలు పట్టుకెళ్లండి. క్లినిక్ బల్ల మీద చాలా కుక్కలు భయంతో బిగుసుకుపోయి ఒక్క చుట్టు కూడా తిరగవు. ఎవరూ లేనప్పుడు తీసింది ఒకటి, మీరున్నప్పుడు తీసింది ఒకటి, పిలిచి ఆపబోయినప్పుడు తీసింది ఒకటి. మూడూ రెండేసి నిమిషాలు ఉంటే చాలు.

ప్రశ్న: ఫ్లూవోక్సెటిన్ మనుషుల మెడికల్ షాపులోనే దొరుకుతుంది కదండీ, మా బావగారు వాడుతున్నారు. బరువుని బట్టి లెక్కేసి మేమే ఇవ్వొచ్చా?

ఇవ్వకండి. కుక్కకి కిలోకి ఇచ్చే మోతాదు మనిషి లెక్కతో పోల్చేది కాదు. ఇంతసేపూ చెప్పిన మూడో గడి చూడకుండా వేస్తే నొప్పిని కప్పిపుచ్చినట్టవుతుంది. నేను రాసినా సరే, షాపులో మాత్రల బదులు సిరప్ ఇస్తే తీసుకోకండి. మనుషుల సిరప్‌లలో కొన్నింట్లో తీపి కోసం జైలిటాల్ కలుపుతారు, అది కుక్కలకి విషం. మాత్రే అడగండి, బ్రాండ్ మార్చి ఇస్తే స్ట్రిప్ మీద పేరు ఫోటో తీసి నాకు పంపండి, చూసి చెబుతాను.